ఆరో అడుగు బేరం

ఇర్వింగ్‌లోని తెలుగు చర్చిలో ఎవరింట్లో ఏ వస్తువు కొనాల్సి వచ్చినా ముందు లూసీ ఆంటీని అడిగేవారు. ధర అడగడానికి కాదు, ధర తగ్గించి పెట్టమని అడగడానికి. కారు టైర్లు మార్పించేచోట నుంచి పెళ్లి హాలు అద్దె దాకా ఆవిడ నోరు పడితే పదో పరకో తగ్గాల్సిందే. "అడగందే అమ్మయినా పెట్టదు, అమెరికావాడు పెడతాడా" అనేది ఆవిడ. యాభై ఆరేళ్ల మనిషి, పొట్టి, గట్టి. భుజాన ఎప్పుడూ ఒక గుడ్డసంచి. బేరం మొదలుపెట్టేటప్పుడు ఆ సంచిని ఒక భుజం మీద నుంచి ఇంకో భుజం మీదకి మార్చుకునేది. అది చూస్తే భర్త దైవాశీర్వాదం మెల్లగా నాలుగడుగులు వెనక్కి వేసి, ఈవిడెవరో తనకి తెలియనట్టు సెల్‌ఫోన్ చూసుకునేవాడు.

వారంలో ఐదురోజులు ఆవిడ ఒక స్కూల్లో పిల్లల భోజనాల వంటింట్లో పనిచేసేది. శనివారం పొద్దున్న మాత్రం హైవే మీద నలభై నిమిషాలు డ్రైవ్ చేసుకుని పుల్గాకి వెళ్లాల్సిందే. పుల్గా అంటే మెక్సికోవాళ్ల వారాంతపు సంత. రేకుల షెడ్ల కింద కూరగాయలు, పళ్లు, పాత పనిముట్లు, కోళ్లు, బట్టలు, ఒక మూల పాటలు, ఒక మూల మొక్కజొన్న కంకులు కాల్చే పొగ. మొదటిసారి అక్కడ అడుగుపెట్టినప్పుడు లూసీకి నరసాపురం సంతలోకి వచ్చి పడినట్టయింది. పదహారేళ్లు సూపర్‌మార్కెట్‌లో అంటించిన ధరకి నోరు మూసుకుని కార్డు గీకిన మనిషికి, నోటితో ధర చెప్పే మనుషులు కనబడ్డారు. అంతకంటే ఏం కావాలి?

అయితే మొదటి రోజు ఇంగ్లీషులో "హౌ మచ్" అన్నందుకు పచ్చిమిరపకాయల సంచికి పది డాలర్లు చెప్పారు. ఆవిడ ఐదన్నది. అమ్మేవాడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. సోమవారం ఆ అవమానం వంటింట్లో చెప్పుకుంటే, పక్కన ఉల్లిపాయలు తరుగుతున్న లుపే నవ్వింది. లుపే మెక్సికోలో పుట్టింది, ఏళ్ల తరబడి లూసీతో పాటు అదే స్టవ్ దగ్గర నిలబడుతోంది. తప్పు ధరలో లేదంది లుపే. పలకరించకుండా ధర అడిగితే అది ఎవరికి నచ్చుతుంది? ముందు "బ్వేనోస్ దియాస్" అనాలి, శుభోదయం అన్నమాట. పెద్దావిడయితే "సెన్యోరా" అని కలపాలి. ఆ తరవాత "ఆ కోమో లా బోల్సా, పోర్ ఫవోర్" అనాలి. సంచి ఎంతకమ్మా, దయచేసి. అప్పుడే "కారో" అనకూడదు, అంటే ఖరీదెక్కువని మొహం మీద కొట్టినట్టు. "ఎస్ లో మేనోస్?" అని మెత్తగా అడగాలి. ఇంతకంటే తగ్గదా అని. అదీ కాకపోతే "మే లా దేహా ఎన్ సింకో?" అనాలి. ఐదుకి వదిలేస్తారా నాకు అని. ఇచ్చినా ఇవ్వకపోయినా చివర "గ్రాసియాస్, మూయ్ అమాబ్లే" అని తీరాలి. చాలా మర్యాదస్తులండీ మీరు అని దాని భావం. మనవైపు ముసలమ్మలు బేరం కుదరకపోయినా "సరే తల్లీ, చల్లగా ఉండు" అని వెళ్లినట్టే.

అంకెలు లూసీ సండేస్కూల్ పిల్లల్లాగా కంఠస్థం చేసింది. ఊనో, దోస్, త్రేస్ అని ఉల్లిపాయలు లెక్కపెడుతూ నేర్చుకుంది. పదిహేను దాకా కష్టపడింది. పదహారు నుంచి పదీ-ఆరు, పదీ-ఏడు అని వాళ్లే విడగొట్టి చెబుతారని తెలిశాక హాయి అనిపించింది. ముప్పై దాటితే అచ్చం తెలుగే. ముప్పైయూ ఐదూ, నలభైయూ రెండూ. "ఇంత సులువైన భాష పెట్టుకుని ఈ ఊరంతా నాతో ఇంగ్లీషు మాట్లాడించింది ఇన్నాళ్లూ" అని భర్త మీద విసుక్కుంది, అందులో ఆయన తప్పేమీ లేకపోయినా.

అలా తయారై వెళ్లిన రెండో శనివారం దొరికింది దోన్యా ఎల్విరా. దోన్యా అంటే పెద్దావిడకిచ్చే గౌరవం. డెబ్భై ఏళ్లుంటాయి. రెండు బల్లల కొట్టు. పచ్చిమిరప, కొత్తిమీర, చింతపండు, మామిడిపళ్ల పెట్టెలు. గిరాకీ లేనప్పుడు కుర్చీలో కూర్చుని తెల్లదారంతో ఏదో అల్లుకుంటూ ఉండేది. లూసీ బ్వేనోస్ దియాస్ చెప్పి సంచి ఎంతన్నది. ఎల్విరా కళ్లద్దాల పైనుంచి చూసి "ఓచో" అంది. ఎనిమిది. ఇంతకంటే తగ్గదా? తగ్గదు. ఐదుకి వదిలేస్తారా? అయ్యో, నాకే పడలేదమ్మా. లూసీ గ్రాసియాస్ చెప్పి సంచి భుజం మార్చుకుని నడక మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆరో అడుగు పడుతుండగా వెనకనుంచి కేక వచ్చింది. "ఆందలే, మర్చాంతా! సింకో!" రావమ్మా, ఐదుకే తీసుకో అని. మర్చాంత అంటే వాడుకమనిషి. కొనేవాళ్లు అమ్మేవాళ్లని, అమ్మేవాళ్లు కొనేవాళ్లని అదే మాటతో పిలుచుకుంటారట.

ఆ మాట విన్న ఆనందం అంతా ఇంతా కాదు. పైగా ఎల్విరా కొత్తిమీర కట్ట ఒకటి ఊరికే సంచిలో పడేసి "ఎల్ పిలోన్" అంది. పిలోన్ అంటే కొసరు. కొసరు! ఈ దేశంలో ఆ మాటకి ఇంగ్లీషే లేదని లూసీ ఎన్నాళ్లుగానో అనుకుంటోంది.

అప్పటినుంచి నాలుగేళ్లు, వాన వస్తే తప్ప, ప్రతి శనివారం అదే నాటకం. ఎల్విరా ఎనిమిది అంటుంది, లూసీ ఐదంటుంది, ఆరడుగులు నడుస్తుంది, కేక వస్తుంది, కొసరు పడుతుంది. మామిడిపళ్ల పెట్టె పద్దెనిమిది చెబితే పన్నెండుకి దిగుతుంది. ఇద్దరూ ఒకరినొకరు "ఉస్తెద్" అనే అనుకునేవారు. మీరు అని. నువ్వులోకి ఎప్పుడూ దిగలేదు. దిగకపోయినా దగ్గరతనానికేం లోటు లేదు. ఒకసారి లూసీకి జ్వరం వచ్చి రెండు వారాలు వెళ్లకపోతే, మూడో వారం ఎల్విరా ముందు నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, ఆ తరవాతే ఎనిమిది అంది.

ఇంకో సంగతి కూడా లూసీ కనిపెట్టింది. పొద్దున్నే మొదటి గిరాకీగా వెళ్తే బేరం ఇంకా తేలిగ్గా కుదురుతుంది. మన బోణీ వాళ్లకీ ఉంది. మొదటి నోటు చేతిలో పడగానే ఎల్విరా దానితో నుదుటి నుంచి గుండె దాకా, ఆ భుజం నుంచి ఈ భుజం దాకా సిలువ గుర్తు వేసుకుని, నోటుని ముద్దుపెట్టుకుని నడుముకి కట్టుకున్న సంచిలో వేసుకునేది. బోణీ గిరాకీని తిప్పి పంపితే ఆ రోజంతా కలిసిరాదని నమ్మకం. లూసీ దీన్ని బాగా వాడుకుంది. ఏడింటికల్లా షెడ్డు గేటు దగ్గర ఉండేది. చర్చిలో ఈ కథలు చెబుతుంటే షారన్‌లాంటి కుర్ర కోడళ్లు నోళ్లు తెరుచుకుని వినేవారు. దైవాశీర్వాదం మాత్రం ఒకసారి అన్నాడు. "లూసీ, ఆవిడ కూడా బతకాలి కదా." ఆవిడకి గిట్టుబాటు కాకపోతే ఎందుకిస్తుందండీ అని లూసీ కొట్టిపారేసింది.

మొన్న మార్చిలో చర్చివాళ్లు అద్దె హాలు వదిలి సొంత హాల్లోకి మారారు. ప్రభురాత్రి భోజనం బల్ల మీదకి మంచి తెల్లటి గుడ్డ కావాలన్నారు. స్త్రీల సమాజం నూట యాభై డాలర్లు వేసింది. ఆ పని ఎవరికి అప్పజెబుతారో వేరే చెప్పాలా? లూసీ షాపులన్నీ తిరిగింది. అన్నీ మిషను మీద వచ్చిన ముక్కలే. అప్పుడు గుర్తొచ్చింది ఎల్విరా ఒళ్లో నాలుగు నెలలుగా పెరుగుతూ వస్తున్న తెల్ల అల్లిక.

ఆ అల్లిక లూసీకి కొత్తేమీ కాదు. నరసాపురంలో వాళ్లమ్మ అరుగు మీద కూర్చుని అదే కొక్కెం సూదితో, అదే తెల్లదారంతో లేసు అల్లేది. ఆ వైపు ఇంటింటా ఆడవాళ్లు అల్లేవాళ్లే. దొరసానులు నేర్పిపోయిన పని అని చెప్పుకునేవారు. నెలకోసారి ఏజెంటు సైకిలు మీద వచ్చి, అల్లినదాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి, లేని తప్పులు వెతికి, సగానికి సగం తగ్గించేవాడు. అమ్మ తలుపు పట్టుకుని నిలబడి "సరే బాబూ" అనేది. లోపలికి వచ్చి వేళ్లని వేడినీళ్లలో పెట్టుకునేది. లూసీకి బేరం ఆడటం అప్పుడే వచ్చిందేమో. ఎవడూ తనని అలా తగ్గించకూడదని చిన్నప్పుడే ఒట్టు పెట్టుకుంది. తను ఎవరిని తగ్గిస్తోందో చూసుకోవాలని మాత్రం ఒట్టు పెట్టుకోలేదు.

ఆ శనివారం షారన్ కూడా వెంట వచ్చింది. ఆంటీ బేరం కళ్లారా చూడాలని సరదా. ఏడున్నరకి ఎల్విరా బల్లల మీద పెట్టెలు సర్దుతోంది, ఇంకా ఎవరూ రాలేదు. పలకరింపులయ్యాయి. లూసీ ఆ అల్లిక సంగతి ఎత్తి, తమ ఇగ్లేసియాకి, అంటే చర్చికి, కావాలని చెప్పింది. అమ్ముతారా అని అడిగింది. ఎల్విరా సంచిలోంచి తీసి విప్పింది. పూర్తయింది. చుట్టూ ద్రాక్షగుత్తుల అంచు, మధ్యలో నక్షత్రాలు. షారన్ "అబ్బ" అంది. లూసీ షారన్ చెయ్యి నొక్కింది, సరుకు మెచ్చుకుంటే ధర పెరుగుతుందని.

"క్వాంతో క్వెస్తా, సెన్యోరా?" అంది. ఎంతవుతుందండీ.

ఎల్విరా గుడ్డ అంచుని వేళ్లతో సవరించింది. ఆ తరవాత నెమ్మదిగా, లూసీకి అర్థమయ్యేలా విడగొట్టి చెప్పింది.

"నూట ఇరవై. దేవుడి ఇంటికి కదా, దీని మీద నేనేమీ పెంచి చెప్పడం లేదు."

ప్రతి మాటా లూసీకి అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకోవడానికి తరవాత ఆవిడకి ఆ సాకు కూడా మిగల్లేదు. కానీ అమ్మేవాళ్లు ఒట్టు వెయ్యని రోజేది? "పెంచి చెప్పడం లేదు" అన్నమాట బేరంలో మొదటి మెట్టు అనుకుంది. పక్కన షారన్ చూస్తోంది. సంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మారింది. "మే లో దేహా ఎన్ సెసెంతా?" అరవైకి వదిలేస్తారా నాకు?

ఎల్విరా నవ్వలేదు. ఎప్పుడూ చేతులు పైకెత్తి అయ్యో మర్చాంతా అని గోల చేసే మనిషి, ఈసారి తల మాత్రం అడ్డంగా ఊపింది. "సియెన్," అంది. వంద. ఒక్కసారే దిగింది. లూసీ గ్రాసియాస్, మూయ్ అమాబ్లే అని నడక మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. కేక రాలేదు. ఏడు. ఎనిమిది. షారన్ కంగారుగా వెనక్కి చూస్తోంది. తొమ్మిదో అడుగుకి వెనకనుంచి, కేకలా కాదు, మామూలు గొంతుతో వినబడింది.

"యేవెసెలో." తీసుకెళ్లండి.

లూసీ మూడు ఇరవైలు లెక్కపెట్టింది. ఎల్విరా పైనోటు తీసి సిలువ గుర్తు వేసుకుంది, ముద్దుపెట్టుకుంది. గుడ్డని నాలుగు మడతలు చేసి, కాగితంలో చుట్టి, రెండు చేతులతో ఇచ్చింది. ఇంతటితో ఊరుకున్నా బాగుండేది. కానీ అలవాటు పాడుగాను, లూసీ నవ్వుతూ అడిగింది. "ఈ ఎల్ పిలోన్?" మరి కొసరో?

ఎల్విరా ఒక కొత్తిమీర కట్ట తీసి కాగితం మీద పెట్టింది.

ఆదివారం చర్చిలో లూసీ తొంభై డాలర్లు స్త్రీల సమాజానికి తిరిగిచ్చేసింది. పాస్టరుగారు ప్రకటనల్లో ఆ సంగతి చెప్పారు, దేవుని ఇంటిని పొదుపుగా చూసుకునే గుణవతి అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. షారన్ తొమ్మిదడుగుల కథని అభినయంతో సహా నలుగురికి చెప్పింది. బల్ల మీద ఆ గుడ్డ పరిచి ఉంది. ద్రాక్షరసం గిన్నె కోసం వరసలో నిలబడి లూసీ అంచుకేసి చూసింది. ఒక ద్రాక్షగుత్తిలో ఎన్ని ముడులున్నాయో ఆవిడ కన్ను దానంతటదే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని లెక్కపెట్టిన కన్ను మరి. అలాంటి గుత్తికి ఒక పూట పడుతుంది. చుట్టూ నలభై గుత్తులున్నాయి. నక్షత్రాలు వేరు. వెలుతురుకి ఎత్తిపట్టి చూసిన సైకిలు ఏజెంటు గుర్తొచ్చాడు. వాడికైనా నరసాపురంలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆ రాత్రే భర్తతో చెప్పింది, మిగతా అరవై తన డబ్బులోంచి ఇచ్చేస్తానని. దైవాశీర్వాదం నేను అప్పుడే అన్నాను కదా అనలేదు. అందుకు ఆయన్ని మెచ్చుకోవాలి. తరవాతి శనివారం వాన పడింది, ఆ పై శనివారం గాలివాన, సంత లేదు. మూడో శనివారం ఆరున్నరకే గేటు దగ్గర నిలబడింది, మూడు ఇరవైలు కవర్లో పెట్టుకుని.

కొట్టు ఉంది, ఎల్విరా లేదు. ముప్పై అయిదేళ్ల మనిషి పెట్టెలు దించుతోంది. ఎల్విరా కూతురు మారిసేలా. అడపాదడపా లూసీ చూసిన మనిషే. ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది. అమ్మ వేళ్లు పట్టు తప్పాయనీ, పదిరోజుల కిందట శాన్ ఆంటోనియోలో అన్నయ్య దగ్గరికి వెళ్లిపోయిందనీ, ఇక సంతకి రాదనీ చెప్పింది. ఆ బల్లగుడ్డే ఆఖరుగా అల్లింది. లూసీ కవరు తీసి బల్ల మీద పెట్టింది. గుడ్డ ధర నూట ఇరవై అని, తను సగమే ఇచ్చానని, ఇది మిగతాదని చెప్పింది.

మారిసేలా కవరు ముట్టుకోలేదు. "మీరు వస్తే ఏమీ తీసుకోవద్దని అమ్మ చెప్పింది. అది బోణీ బేరం. ఆ డబ్బుతో సిలువ వేసుకుంది. ఒకసారి దేవుడికి చూపించిన ధర మళ్లీ మార్చరు."

కోపంగా ఉన్నారా అమ్మ అని లూసీ అడిగింది. కోపమేమీ లేదంది మారిసేలా. కొంచెంసేపు ఆలోచించి, చెప్పనా వద్దా అన్నట్టు మిరపకాయలు సర్దింది. "మీకు తెలుసో తెలియదో. ఈ సంచి అందరికీ ఐదే. మామిడిపళ్ల పెట్టె అందరికీ పన్నెండే. మొదటిరోజు కొత్తమనిషని ఎనిమిది చెప్పింది గానీ, ఆ తరవాత మీరొస్తుంటే దూరం నుంచి చూసి అమ్మ నాతో అనేది, ఇండియా సెన్యోరా వస్తోంది, ఎనిమిది చెప్పాలి, ఆవిడకి బేరం ఆడటం ఇష్టం, పాపం ఇక్కడ ఆడుకోవడానికి ఎవరున్నారు అని. మీరు అటు తిరగ్గానే అడుగులు లెక్కపెట్టేది. ఆరుకి పిలిచేది."

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటారు. నాలుగేళ్లు తను గెలుస్తున్నానని ఊరంతా చాటుకుంది లూసీ. ఆ గెలుపంతా వారం వారం ఒక ముసలమ్మ కొత్తిమీర కట్టతో కలిపి పెట్టిన కొసరు.

"ఆ గుడ్డకి మాత్రం పెంచి చెప్పలేదు," అంది మారిసేలా. "చర్చికి కదా. ఆ రోజు ఇంటికొచ్చి ఒక్కటే మాట అంది. సెన్యోరా ఇవాళ నాతో ఆడలేదు, నిజంగానే తగ్గించింది అని."

లూసీ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. నరసాపురంలో అమ్మ తలుపు పట్టుకుని నిలబడ్డట్టే నిలబడింది, కాకపోతే ఇప్పుడు సైకిలు మీద వచ్చింది తనే. కావాలంటే అమ్మకి ఫోన్ కలుపుతాను మాట్లాడండి అంది మారిసేలా, ఫోన్ తీసింది కూడా. లూసీ మనసులో మాటలు వెతుక్కుంది. ఎంత అని అడగడం వచ్చు. ఇంతకంటే తగ్గదా వచ్చు. వదిలేస్తారా వచ్చు. వెయ్యిదాకా అంకెలు వచ్చు. జనంలోంచి దారి చేసుకుంటూ పోయేటప్పుడు అనే "దిస్కుల్పే" వచ్చు, భుజం తగిలినందుకు చెప్పే క్షమాపణ. ఒక మనిషి నాలుగు నెలల పనిని కొత్తిమీర కట్టతో సహా పట్టుకుపోయినందుకు ఏమనాలో లుపే నేర్పలేదు, తను అడగలేదు. ఇంకోసారి మాట్లాడతానని తల అడ్డంగా ఊపింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఆకులు కూడా దొరకలేదు.

కవరు సంచిలో వేసుకుంది. ఉత్త చేతులతో పోలేక, పచ్చిమిరప సంచి ఒకటి ఎత్తింది.

"బ్వేనోస్ దియాస్. ఆ కోమో లా బోల్సా, పోర్ ఫవోర్?"

"సింకో," అంది మారిసేలా.

ఐదు. ముందే ఐదు. ఎనిమిది అనలేదు. లూసీ కాసేపు చూసి, మెత్తగా, లుపే నేర్పినంత మర్యాదగా అడిగింది. "ఓచో?" ఎనిమిది తీసుకోండి.

"లేదండీ. ఐదే."

"సియేతే?" ఏడు.

మారిసేలా జాలిగా నవ్వి తల అడ్డంగా ఊపింది. ఐదే. లూసీ ఐదు డాలర్లు ఇచ్చింది. ఆ పొద్దున్న అదే బోణీ. మారిసేలా నోటుతో సిలువ వేసుకుని, దాన్ని సంచిలో వేసుకుని, వెనక నిలబడ్డ గిరాకీ వైపు తిరిగింది. కొసరు ఎవరూ వెయ్యలేదు, లూసీ అడగలేదు. గ్రాసియాస్, మూయ్ అమాబ్లే అని నడిచింది. ఒకటి, రెండు, మూడు. షెడ్డు అవతల ఎండ పడుతోంది. నాలుగు, ఐదు. ఆరో అడుగు దగ్గర కాళ్లు వాటంతటవే నెమ్మదించాయి. వెనక మారిసేలా ఎవరికో ధర చెబుతోంది. లూసీ కాసేపు అక్కడే ఆగి, ఏడో అడుగు వేసింది.